బీమా సంస్థే మూతపడితే పాలసీదారుకు మిగిలేదేమిటి?

సభకు నమస్కారం.

బీమా అంటే మన నష్టాన్ని మరొకరు మోస్తామని ముందుగానే ఇచ్చే మాట. ఆ మాట ఇచ్చిన సంస్థే నష్టాల్లో కూరుకుపోయి మూతపడితే ఆ మాటను ఎవరు నిలబెట్టాలి, ఎంతవరకు నిలబెట్టగలరు అనేదే ఈ రోజు మన ముందున్న ప్రశ్న. ఈ ప్రశ్నకు "ప్రభుత్వం చూసుకుంటుంది" అనే జవాబు, "అంతా పోతుంది" అనే జవాబు రెండూ తరచుగా వినిపిస్తాయి. రెండూ సరైనవి కావు. అసలు జవాబు మీ దగ్గరున్న పాలసీ ఏ రకానిదో, సంస్థ కూలిన రోజుకు మీరు ఏ స్థితిలో ఉన్నారో, నియంత్రణ సంస్థ ఎంత ముందుగా కళ్ళు తెరిచిందో అనే మూడు విషయాల మీద ఆధారపడి ఉంటుంది.

ముందుగా ఒక విషయం స్పష్టం చేసుకుంటే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. మామూలు వ్యాపార సంస్థ దివాలా తీసినప్పుడు దాని దగ్గర నగదు ఉండదు. సరుకు ఇచ్చినవారికి చెల్లించలేక, జీతాలు ఇవ్వలేక ఆగిపోతుంది. బీమా సంస్థ అలా ఆగిపోదు. దానికి ప్రీమియం ముందే వస్తుంది, ఖర్చు ఏళ్ళ తరువాత వస్తుంది. అందువల్ల లోపల పూర్తిగా డొల్ల అయిపోయిన బీమా సంస్థ కూడా కొత్త ప్రీమియం వస్తున్నంత కాలం పాత క్లెయిములు సకాలంలో చెల్లిస్తూ, బయటివారికి ఆరోగ్యంగానే కనిపిస్తుంది. దాని దివాలా ఖజానాలో కాదు, లెక్కల పుస్తకంలోని ఒక అంచనాలో మొదలవుతుంది. ఇప్పటికే రాసిన పాలసీల మీద భవిష్యత్తులో ఎంత చెల్లించవలసి వస్తుందనే అంచనా అది. దాన్నే క్లెయిముల రిజర్వు అంటారు. ఆ అంచనా తక్కువగా వేస్తే లాభం ఎక్కువగా కనిపిస్తుంది. లాభం ఎక్కువగా కనిపిస్తే డివిడెండు పంచవచ్చు, ప్రీమియం రేటు తగ్గించి మరిన్ని పాలసీలు అమ్మవచ్చు. అలా తక్కువ రేటుకు అమ్మిన ప్రతి పాలసీ మరింత నష్టాన్ని తెచ్చిపెడుతుంది.

ఇది ఎలా జరుగుతుందో చూడడానికి ఆస్ట్రేలియాలోని హెచ్.ఐ.హెచ్. ఇన్సూరెన్స్ ఉదంతం కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. అది ఆ దేశంలో రెండవ అతి పెద్ద సాధారణ బీమా సంస్థ; సాధారణ బీమా అంటే వాహనం, ఇల్లు, వ్యాపారం వంటి వాటికి చేసే, జీవిత బీమా కాని బీమా. 2000 జూన్ నెలాఖరుకు ప్రచురించిన లెక్కల్లో అప్పులన్నీ పోగా తన దగ్గర సుమారు 94 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల నికర ఆస్తి ఉందని చూపించింది. తొమ్మిది నెలలు కూడా గడవక ముందే, 2001 మార్చి 15న, దాని వ్యవహారాలు తాత్కాలిక లిక్విడేటర్ చేతికి వెళ్ళాయి; లిక్విడేటర్ అంటే మూతపడిన సంస్థ ఆస్తులను పోగుచేసి, రావలసినవారికి పంచే అధికారి. ఆ తరువాత లిక్విడేటర్లు లెక్క కట్టగా లోటు 360 కోట్ల నుంచి 530 కోట్ల డాలర్ల దాకా ఉండవచ్చని తేలింది. తొమ్మిది నెలల్లో ఏ భూకంపమూ రాలేదు, ఏ తుపానూ ఇంత నష్టం చేయలేదు. ఆ లోటు అంతకు ముందు ఎన్నో ఏళ్ళుగా పేరుకుంటూ వచ్చినదే, లెక్కల్లో కనపడలేదంతే.

జస్టిస్ నెవిల్ ఓవెన్ నేతృత్వంలోని రాయల్ కమిషన్ ఈ పతనంపై విచారణ జరిపి 2003లో నివేదిక ఇచ్చింది. సంస్థ కూలడానికి ప్రధాన కారణం రాబోయే క్లెయిములకు చాలినంత రిజర్వు పెట్టకపోవడమేనని అది తేల్చింది. 1998లో మరో బీమా సంస్థ అయిన ఎఫ్.ఎ.ఐ.ని లోతైన పరిశీలన లేకుండా కొనడం, దానితో పాటు దాని రిజర్వుల లోటును కూడా నెత్తికెత్తుకోవడం పరిస్థితిని మరింత దిగజార్చాయి.

రిజర్వు విషయంలో జరిగిన పొరపాటు ఏమిటో కొంచెం దగ్గరగా చూద్దాం. ఒక వైద్యుడిపైనో, ఒక కర్మాగారంపైనో పడిన నష్టపరిహార దావా తేలడానికి ఐదేళ్ళు పట్టవచ్చు, పదేళ్ళు పట్టవచ్చు. అటువంటి వేల దావాలన్నిటికీ కలిపి ఎంత అవుతుందో బీమా లెక్కల నిపుణుడైన యాక్చువరీ అంచనా వేస్తాడు. అతను ఇచ్చే నడిమి అంకె సంభావ్యతల సగటు మాత్రమే; అంటే అసలు ఖర్చు దానికంటే ఎక్కువయ్యే అవకాశం, తక్కువయ్యే అవకాశం దాదాపు సరిసమానం. జాగ్రత్త గల సంస్థ ఆ నడిమి అంకె మీద కొంత అదనంగా చేర్చి రిజర్వు పెడుతుంది. హెచ్.ఐ.హెచ్. ఆ అదనపు భాగాన్ని చేర్చలేదు. పైగా బీమా సంస్థ తన నష్టంలో కొంత భాగాన్ని మరో సంస్థకు అప్పగించే పునర్బీమా ఒప్పందాలుగా పైకి కనిపిస్తూ, నిజానికి నష్టాన్ని బదిలీ చేయని కొన్ని ఒప్పందాల సహాయంతో లోటును కప్పిపుచ్చింది.

మరి నియంత్రణ సంస్థ ఏం చేస్తోంది? ఇక్కడే నేను కొంచెం ఆగాలి, ఎందుకంటే ప్రపంచంలో బీమా నియంత్రణ నిబంధనల్లో చాలా భాగం ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. అప్పటి ఆస్ట్రేలియా చట్టం ప్రకారం బీమా సంస్థ ఆస్తులు దాని అప్పుల కంటే కనీసం కొంత మేర ఎక్కువగా ఉండాలి. ఆ మేరను లెక్కించే పద్ధతుల్లో ఒకటి, చెల్లించవలసిన క్లెయిముల రిజర్వులో 15 శాతం. చూడడానికి ఇది సబబుగానే ఉంది. కానీ ఒక సంస్థను ఊహించుకోండి. దాని ఆస్తులు 100 అనుకుందాం. రాబోయే క్లెయిములకు నిజాయితీగా లెక్క కడితే 88 అవుతుంది. అప్పుడు మిగులు 12. చట్టం కోరే మిగులు 88లో 15 శాతం, అంటే 13 కంటే కొంచెం ఎక్కువ. సంస్థ పరీక్షలో తప్పింది. ఇప్పుడు అదే సంస్థ తన క్లెయిములను 75గా చూపించిందనుకోండి. మిగులు ఒక్కసారిగా 25కు పెరిగింది. అంతేకాదు, చట్టం కోరే మిగులు కూడా 75లో 15 శాతానికి, అంటే సుమారు 11కు తగ్గింది. అంటే తప్పుడు అంచనా సంస్థకు రెండు వైపులా మేలు చేస్తుంది. ఉన్నది పెద్దదిగా, కావలసింది చిన్నదిగా కనిపిస్తాయి. తూకం వేసేవాడికి రాళ్ళు కూడా అమ్మేవాడే ఇచ్చినట్టయింది.

ఈ లోపాన్ని సరిదిద్దడానికి ఆస్ట్రేలియా 2002 జూలై నుంచి కొత్త నిబంధనలు తెచ్చింది. ఇకపై రిజర్వు నడిమి అంకె వద్ద ఆగకూడదు. నూటికి 75 సందర్భాల్లో సరిపోయే స్థాయిలో ఉండాలి. ఐరోపా సమాఖ్యలో ఇప్పుడున్న సాల్వెన్సీ టూ విధానం మూలధనం విషయంలో ఇదే ఆలోచనను ఇంకా ముందుకు తీసుకువెళ్ళింది. ఒక ఏడాది కాలంలో 200 సందర్భాల్లో ఒక్కసారి వచ్చేంత చెడ్డ సంవత్సరం వచ్చినా సంస్థ తన అప్పులకు సరిపడా ఆస్తులతో నిలబడగలిగేంత మూలధనం ఉండాలని అది కోరుతుంది.

ఈ కొలతల అసలు ప్రయోజనం సంస్థ ఎప్పటికీ కూలకుండా చూడడం కాదు. కూలబోయే సంస్థను, దాని ఆస్తులు ఇంకా అప్పుల కంటే ఎక్కువగా ఉన్న దశలోనే పట్టుకోవడం. అందుకే నియంత్రణ సంస్థ రెండు గీతలు గీస్తుంది. మొదటి గీత దిగువకు పడితే, సంస్థ తన పరిస్థితిని ఎలా చక్కదిద్దుకుంటుందో ప్రణాళిక ఇవ్వాలి. డివిడెండ్లు ఆగుతాయి, కొన్ని రకాల పాలసీలు అమ్మడం ఆగవచ్చు. రెండవ గీత కిందకు పడితే లైసెన్సు పోతుంది, లేదా యాజమాన్యాన్ని పక్కకు తప్పించి అడ్మినిస్ట్రేటర్‌ను నియమిస్తారు. రెండు గీతలూ ఆస్తులు, అప్పులు సమానమయ్యే సున్నా రేఖకు పైనే ఉంటాయని గమనించండి. ఆ కారణంగానే, సంస్థ కోర్టుకెక్కి "మేమింకా దివాలా తీయలేదు, మా వ్యాపారం ఎందుకు లాక్కుంటున్నారు" అని వాదించినప్పుడు ఆ వాదన సాంకేతికంగా నిజమే కావచ్చు. కానీ సున్నా రేఖ దాటిన తరువాత జోక్యం చేసుకోవడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అవుతుంది, ఎందుకంటే అప్పటికి పంచడానికి మిగిలేది లోటు మాత్రమే.

ఇప్పుడు సున్నా రేఖ దాటిన సంస్థ సంగతికి వద్దాం. లిక్విడేషన్ ఉత్తర్వు వెలువడిన రోజున సాధారణ బీమా పాలసీదారులు ముగ్గురు మూడు వేర్వేరు స్థితుల్లో ఉంటారు. మొదటివారికి ప్రమాదం జరిగింది, క్లెయిము నమోదై ఉంది, డబ్బు ఇంకా రాలేదు. రెండవవారికి ప్రమాదం జరిగింది గానీ, అది ఇంకా సంస్థ దాకా రాలేదు. ఉదాహరణకు ఒక నిర్మాణ లోపం గోడ లోపల ఉంది, పగులు ఇంకా కనబడలేదు. మూడవవారికి ఏమీ జరగలేదు, కానీ పాలసీ గడువు ఇంకా ఎనిమిది నెలలు మిగిలి ఉంది.

చాలామంది మొదటివారి గురించే ఆలోచిస్తారు. కానీ ఆ రోజున అత్యవసరంగా కదలవలసినది మూడవవారే. లిక్విడేషన్‌లో సాధారణ బీమా పాలసీలు సాగవు. అమెరికా రాష్ట్రాల చట్టాల్లో సాధారణంగా లిక్విడేషన్ ఉత్తర్వు తరువాత 30 రోజులలోపు ఆ రక్షణ ముగిసిపోతుంది. వాడుకోని ఎనిమిది నెలల ప్రీమియంకు వారు లిక్విడేటర్ ముందు రుణదాతలుగా నిలబడవచ్చు, కానీ ఆ డబ్బు ఎప్పటికో వస్తుంది, పూర్తిగా రాకపోవచ్చు. ఈ మధ్యలో వాహనమో ఇల్లో కర్మాగారమో రక్షణ లేకుండా నిలబడి ఉంటుంది. కాబట్టి వెంటనే మరో సంస్థ దగ్గర కొత్త పాలసీ తీసుకోవడం తప్ప దారి లేదు. హెచ్.ఐ.హెచ్. కూలినప్పుడు ఈ దెబ్బ ఊహించని చోట తగిలింది. ఇళ్ళు కట్టే బిల్డర్లకు చట్టం ప్రకారం తప్పనిసరిగా ఉండవలసిన హామీ బీమాను పెద్ద ఎత్తున అమ్మింది ఆ సంస్థే. ఆ బీమా లేనిదే పని మొదలుపెట్టడానికి వీల్లేదు. సగం లేచిన గోడల మధ్య పనులు ఆగిపోయాయి. రాష్ట్ర ప్రభుత్వాలు జోక్యం చేసుకోవలసి వచ్చింది.

ఇక మొదటి ఇద్దరి సంగతి. వారికి ఎంత వస్తుందనేది పంపకపు వరుసను బట్టి ఉంటుంది. మళ్ళీ అంకెలతో చూద్దాం. సంస్థ ఆస్తులు 100. నిజమైన క్లెయిములు 110కి చేరాయి. వీటికి తోడు సరఫరాదారులు, బాండ్లు కొన్నవారు వంటి ఇతర రుణదాతలకు 20 ఇవ్వాలి. ముందుగా లిక్విడేషన్ ఖర్చులు 4 పోతాయి. తాకట్టు ఉన్న రుణదాతలు తమ తాకట్టు మీద 6 తీసుకుంటారు. మిగిలింది 90. పాలసీదారులను, ఇతర రుణదాతలను ఒకే వరుసలో నిలబెడితే 130కి గాను 90 పంచాలి; ప్రతి ఒక్కరికీ నూటికి 69 వస్తుంది. పాలసీదారులకు ముందు వరుస ఇచ్చే చట్టం ఉంటే 110కి గాను 90 మొత్తం వారికే వెళుతుంది. నూటికి దాదాపు 82 వస్తుంది, ఇతర రుణదాతలకు ఏమీ మిగలదు. రూపాయి కూడా అదనంగా ఖర్చు పెట్టకుండా, కేవలం వరుస మార్చడం వల్లనే పాలసీదారుకు 13 పాళ్ళు పెరిగాయి. ఐరోపా సమాఖ్యలో క్లెయిముల రిజర్వుకు ఎదురుగా ఉంచిన ఆస్తుల మీద పాలసీదారులకు ఈ రకమైన ప్రాధాన్యం ఇవ్వడానికి చట్టంలో వీలుంది. అది న్యాయమే అని నా అభిప్రాయం కూడా. బాండు కొన్నవాడు ఎక్కువ వడ్డీ కోసం ఆ ప్రమాదాన్ని కొనుక్కున్నాడు. పాలసీ కొన్నవాడు ప్రమాదాన్ని వదిలించుకోవడానికే డబ్బు కట్టాడు.

ఇందులో పునర్బీమాకు సంబంధించిన ఒక చిక్కుముడి ఉంది. బీమా సంస్థ తన నష్టంలో కొంత భాగాన్ని మోయడానికి మరో పెద్ద సంస్థ దగ్గర బీమా చేయించుకుంటుంది. అసలు సంస్థ కూలిపోయి, పాలసీదారుకు 100కి గాను 82 మాత్రమే ఇవ్వగలిగితే, పునర్బీమా సంస్థ ఎంత ఇవ్వాలి? "నువ్వు చెల్లించిన దాన్ని భర్తీ చేస్తానన్నాను, నువ్వు అసలు చెల్లించనే లేదు కదా" అని అది అడిగితే? ఈ వాదన కేవలం ఊహ కాదు. 1937లో అమెరికా సుప్రీంకోర్టు ఫిడెలిటీ అండ్ డిపాజిట్ కంపెనీ, పింక్ అనే పక్షాల మధ్య కేసులో, ఒప్పందంలోని మాటలను బట్టి దాదాపు ఈ వాదననే అంగీకరించింది. ఆ తరువాత అక్కడి పునర్బీమా ఒప్పందాల్లో దివాలా షరతు అనే ఒక పేరా తప్పనిసరి అయింది. అసలు సంస్థ చెల్లించగలిగినా లేకపోయినా, దాని మీద పడిన బాధ్యత మేరకు పునర్బీమా సంస్థ లిక్విడేటర్‌కు పూర్తిగా చెల్లించాలన్నది దాని సారాంశం. ఒక చిన్న పేరా లేకపోతే ఎంత డబ్బు పాలసీదారుల నోటి దగ్గర నుంచి జారిపోయేదో ఆలోచించండి. అయితే ఆ డబ్బు ఫలానా పాలసీదారు చేతికి నేరుగా రాదని కూడా గుర్తుంచుకోవాలి. అది అందరికీ పంచే ఉమ్మడి కుప్పలోకి వెళుతుంది.

నూటికి 82 వస్తుందన్నాను. ఎప్పుడు వస్తుందని మీరు అడగాలి. ఇదే లిక్విడేషన్‌లో అతి క్రూరమైన విషయం. రెండవ రకం పాలసీదారులు, అంటే ఇంకా బయటపడని నష్టాలు ఉన్నవారు, ఎంతమంది వస్తారో తెలియనంత వరకు లిక్విడేటర్ మొదటివారికి కూడా పూర్తి వాటా ఇవ్వలేడు. ఇస్తే తరువాత వచ్చేవారికి తక్కువ పడుతుంది. అందుచేత ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా చెల్లింపులు జరుగుతాయి. కారు బంపరు క్లెయిము ఉన్నవాడు అలా ఎదురు చూడగలడు. కాళ్ళు పోగొట్టుకుని, నెలనెలా వచ్చే జీతభత్యపు బీమా మీద బతుకుతున్నవాడు ఎదురు చూడలేడు. అతని దృష్టిలో ఆరేళ్ళ తరువాత వచ్చే నూటికి 82 అన్నది దాదాపు సున్నాతో సమానం.

హామీ నిధులు పుట్టింది ఈ ఖాళీని పూడ్చడానికే. హామీ నిధి పాలసీదారుకు ఇప్పుడే చెల్లించి, అతని హక్కును తన పేర రాయించుకుని, లిక్విడేటర్ దగ్గర తాను వరుసలో నిలబడుతుంది. ఎదురు చూసే భారాన్ని ఎదురు చూడగల చేతికి మార్చడమే దాని పని. హెచ్.ఐ.హెచ్. కూలిన నాటికి ఆస్ట్రేలియాలో సాధారణ బీమాకు అలాంటి శాశ్వత నిధి లేదు. సమాఖ్య ప్రభుత్వం హడావుడిగా క్లెయిముల సహాయ పథకం ఒకటి ఏర్పాటు చేసి, దానికి 64 కోట్ల డాలర్ల దాకా కేటాయించింది. కొన్ని రకాల క్లెయిములకు పూర్తిగాను, మరికొన్నింటికి 90 శాతం చొప్పున, అర్హతల పరిశీలనతో చెల్లించింది. పెద్ద సంస్థలకు ఆ సహాయం దక్కలేదు. శాశ్వతమైన ఏర్పాటు 2008లో గానీ రాలేదు. ఆ పథకం కింద, నియంత్రణలోని సాధారణ బీమా సంస్థ కూలితే 5,000 డాలర్ల లోపు క్లెయిములకు అర్హతలు పెద్దగా అడగరు. అంతకు మించితే వ్యక్తులు, చిన్న వ్యాపారాలు వంటి కొన్ని వర్గాలకే వర్తిస్తుంది.

ఇంతవరకు సాధారణ బీమా. జీవిత బీమా దగ్గరికి వచ్చేసరికి ప్రశ్నే మారిపోతుంది.

ముప్పై ఏళ్ళ వయసులో పాలసీ తీసుకున్న ఒకరికి ఇప్పుడు యాభై రెండు. మధ్యలో మధుమేహం వచ్చింది, ఒకసారి గుండెకు శస్త్రచికిత్స జరిగింది. ఆయన సంస్థ కూలింది. లిక్విడేటర్ ఆయన పేరున పేరుకున్న రిజర్వును పైసాతో సహా తిరిగి ఇచ్చాడనే అనుకుందాం. ఆయన నష్టపోయాడా, లేదా? నష్టపోయాడు. ఆ డబ్బు పట్టుకుని ఏ సంస్థ దగ్గరికి వెళ్ళినా పాత ప్రీమియంకు పాలసీ ఇవ్వరు, అసలు ఇస్తారో లేదో కూడా చెప్పలేం. ఆయనకు కావలసింది డబ్బు వాపసు కాదు, ఒప్పందం కొనసాగడం. అందువల్లనే జీవిత బీమా సంస్థను లిక్విడేషన్‌కు పంపడం నియంత్రణ సంస్థలు వాడే చిట్టచివరి మార్గం. వారి మొదటి ప్రయత్నం పాలసీలన్నిటినీ, వాటికి ఎదురుగా ఉన్న ఆస్తులతో కలిపి, గంపగుత్తగా మరో సంస్థకు బదిలీ చేయడం. లేదా కొత్త పాలసీలు అమ్మకుండా ఉన్నవాటిని చివరి దాకా నడిపించడం.

అయితే లోటు ఉన్న సంస్థను ఉన్నదున్నట్టుగా ఎవరూ తీసుకోరు. తీసుకునేవారు ఒక షరతు పెడతారు: ముందు ఒప్పందాలను తగ్గించండి, అప్పుడు తీసుకుంటాం. ఇది ఎలా సాగుతుందో జపాన్ నేర్పింది. 1980ల చివరిలో అక్కడి జీవిత బీమా సంస్థలు పాలసీలపై 5.5 శాతం దాకా, కొన్నిటిపై అంతకు మించి రాబడి హామీ ఇచ్చాయి. ఆ తరువాతి దశాబ్దంలో ప్రభుత్వ బాండ్ల వడ్డీ 2 శాతం కంటే దిగువకు జారింది. సంస్థ సంపాదిస్తున్నది రెండు, ఇస్తానని మాట ఇచ్చింది ఐదున్నర; ఒప్పందం ముప్పై ఏళ్ళది. 1997లో నిస్సాన్ మ్యూచువల్ మొదలుకొని 2001 నాటికి ఏడు జీవిత బీమా సంస్థలు కూలాయి. 1998 డిసెంబరులో అక్కడ జీవిత బీమా పాలసీదారుల రక్షణ సంస్థను ఏర్పాటు చేశారు. సాధారణంగా రిజర్వులో 90 శాతం దాకా రక్షణ ఉంటుందన్నది దాని నియమం.

వాటిలో క్యోయే లైఫ్ అనే సంస్థను తీసుకుందాం. 2000 అక్టోబరులో అది కోర్టు రక్షణలో పునర్వ్యవస్థీకరణ కోరింది. 2001 ఏప్రిల్‌లో ఒక అమెరికన్ బీమా సంస్థ దాన్ని తీసుకుని జిబ్రాల్టర్ లైఫ్ అనే పేరుతో నడిపింది. పాలసీదారులకు చెప్పిన షరతుల్లో ముఖ్యమైనవి రెండు. రిజర్వులో 8 శాతం కోత. ఇకపై హామీ రాబడి 1.75 శాతం. పత్రికల్లో శీర్షికకు ఎక్కేది ఆ 8 శాతమే. "90 శాతం రక్షణ అన్నారు, 92 శాతం దక్కింది" అని ఎవరైనా సంతోషిస్తారు. కానీ ఒకరి పాలసీ మీద ఇది ఏం చేస్తుందో లెక్క కట్టి చూడండి.

ఒక పొదుపు పాలసీలో రిజర్వు 100 ఉంది, హామీ రాబడి 4 శాతం, గడువు ఇంకా 20 ఏళ్ళు ఉంది అనుకుందాం. ఇక ప్రీమియం కట్టవలసిన పని లేదని, ఖర్చులను పక్కన పెట్టవచ్చని అనుకుని లెక్కిద్దాం. పాత ఒప్పందం ప్రకారం గడువు చివర 219 రావాలి. ఇప్పుడు 100 కాస్తా 92 అయింది. అది ఏడాదికి 1.75 శాతం చొప్పున 20 ఏళ్ళు పెరిగితే 130 అవుతుంది. 219 రావలసిన చోట 130. కోత 8 శాతం కాదు, దాదాపు 41 శాతం. రక్షణ సంస్థ మాట తప్పిందా? లేదు, అక్షరాలా నిలబెట్టుకుంది. అది రక్షిస్తానన్నది రిజర్వును, మీకు రావలసిన తుది మొత్తాన్ని కాదు. అందుకే ఎక్కడైనా "ఇంత శాతం రక్షణ ఉంది" అనే మాట వినబడితే, ఆ శాతం దేని మీద అని అడగండి.

అదే సమయంలో, నిర్ణీత గడువులోపు మరణిస్తే మాత్రమే చెల్లించే పాలసీ ఉన్నవారికి ఇదే కోత చాలా స్వల్పంగా తగిలింది. అటువంటి పాలసీలో పేరుకునే రిజర్వు చిన్నది, రాబడి మీద ఆధారపడే భాగం తక్కువ. దీర్ఘకాలపు పొదుపు పాలసీలు, పింఛను పాలసీలు ఉన్నవారి మీదే భారం పడింది. ఒకే సంస్థ, ఒకే కోర్టు ఉత్తర్వు, కానీ పక్కపక్క ఇళ్ళలోని ఇద్దరు పాలసీదారులకు జరిగిన నష్టంలో ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా.

బదిలీ జరుగుతుందన్న వార్త వినగానే పాలసీదారులు సహజంగా చేసే పని, ఉన్నదేదో తీసుకుని బయటపడడం. కానీ అందరూ ఒకేసారి సరెండర్ చేస్తే సంస్థ తన ఆస్తులను పడిపోయిన ధరలకు అమ్ముకోవలసి వస్తుంది, మిగిలినవారి వాటా కరిగిపోతుంది. దీన్ని ఆపడానికి నియంత్రణ సంస్థ లేదా కోర్టు కొంతకాలం సరెండర్లను పూర్తిగా నిలిపివేస్తుంది. ఆ తరువాత అనుమతించినా, ముందుగా వెళ్ళిపోయేవారికి అదనపు కోత విధిస్తుంది. జపాన్‌లో ఈ కోత మొదటి సంవత్సరాల్లో ఎక్కువగా ఉండి, ఏటా తగ్గుతూ కొన్నేళ్ళకు మాయమయ్యేలా అమర్చారు. ఇది పాలసీదారును బంధించడంలా కనిపిస్తుంది, వ్యక్తిగా ఆలోచిస్తే అన్యాయంగా కూడా తోస్తుంది. కానీ ఆ గుంపులో ఎవరు బయటకు వెళ్ళగలరో ఆలోచించండి. ఆరోగ్యంగా ఉన్నవారు, మరోచోట పాలసీ దొరికేవారు వెళ్ళగలరు. శస్త్రచికిత్స జరిగిన ఆ యాభై రెండేళ్ళాయన వెళ్ళలేడు. తలుపు తెరిచి ఉంచితే చివరికి గదిలో మిగిలేది ఆయనలాంటివారే. వారికి మిగిలే ఆస్తులు ఇంకా తక్కువ.

చివరగా, మీ బీమా సంస్థ కూలిందని చెప్పే ఉత్తరం ఒకటి ఎవరికైనా వస్తే ఏం చేయాలో చెప్పి ముగిస్తాను. జీవిత బీమా అయితే, సంస్థ అడ్మినిస్ట్రేటర్ చేతిలో ఉన్నా సరే, వేరే సూచన వచ్చేదాకా ప్రీమియం కట్టడం మానవద్దు. మీరు ప్రీమియం ఆపితే ఒప్పందం మీ చేతుల మీదుగానే రద్దవుతుంది, అప్పుడు బదిలీ జరిగినా మీ పాలసీ ఆ జాబితాలో ఉండదు. సాధారణ బీమా అయితే, అదే రోజున వేరే చోట రక్షణ చూసుకుని, ఆ తరువాత క్లెయిము కాగితాల సంగతి చూడండి. లిక్విడేటర్ పంపే ఫారంలో మీకు రావలసిన మొత్తం గానీ, ఇంకా తేలని దావా అయితే దాని వివరాలు గానీ రాసి, నిర్ణీత తేదీలోపు చేర్చండి. ఆ తేదీ తరువాత వచ్చిన క్లెయిము కొన్ని దేశాల చట్టాల్లో వరుసలో వెనక్కి వెళుతుంది, కొన్నిచోట్ల అసలు లెక్కలోకే రాదు. హామీ నిధికి విడిగా దరఖాస్తు ఉంటుంది. లిక్విడేటర్‌కు పంపినది అక్కడికి దానంతట అది చేరుతుందని అనుకోవద్దు. పాలసీ పత్రం, చివరి ప్రీమియం రశీదు, సంస్థతో జరిపిన ఉత్తర ప్రత్యుత్తరాలు మీ దగ్గరే ఉండాలి, ఎందుకంటే కూలిపోయిన సంస్థ రికార్డులు ఏ స్థితిలో ఉంటాయో లిక్విడేటర్‌కు కూడా మొదటి కొన్ని నెలల దాకా తెలియదు.